8000 హెర్ట్జ్ మౌస్ పెట్టినా ఎయిమ్ బరువుగానే ఎందుకుంటుంది? పాత పీసీల్లో లేటెన్సీ అసలు ఎక్కడుంటుంది

క్లుప్తంగా: మౌస్ పోలింగ్ రేట్‌ని 125 నుంచి 1000కి పెంచితే సగటున మూడున్నర మిల్లీసెకన్లు కలిసొస్తాయి, 1000 నుంచి 8000కి పెంచితే అర మిల్లీసెకను కూడా రాదు. తక్కువ కాన్ఫిగరేషన్ పీసీలో పెద్ద ఆలస్యం గ్రాఫిక్స్ కార్డ్ ముందు పేరుకుపోయే ఫ్రేమ్‌ల లైన్‌లో ఉంటుంది, అది ఎఫ్‌పీఎస్ క్యాప్‌తోనో ఎన్‌విడియా రిఫ్లెక్స్ సెట్టింగ్‌తోనో పోతుంది. ఆ లైన్ పోయాక భారం సీపీయూ మీదకి వస్తుంది, 8000 హెర్ట్జ్ మౌస్ దెబ్బకొట్టేది అప్పుడే.

ఈమధ్య 8కే మౌస్‌ల రేట్లు బాగా దిగొచ్చాయి. దాంతో సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ ఆఫీస్ డెస్క్‌టాప్ కొనుక్కుని దానికో పాత కార్డ్ తగిలించుకుని సీఎస్2, వాలరెంట్ ఆడేవాళ్లు కూడా ముందు మౌస్ మార్చేద్దాం అనే ఆలోచనకొస్తున్నారు. మార్చాక కొందరికి ఏ తేడా తెలీదు, కొందరికైతే ముందు లేని స్టటర్ మొదలవుతుంది, మౌస్ పాడైందేమో అని వెనక్కి పంపించేస్తారు. చాలాసార్లు మౌస్‌ తప్పేం ఉండదు. మౌస్ నుంచి మానిటర్ దాకా ఉన్న దారిలో ఏ మెట్టు దగ్గర ఎంత టైమ్ పోతుందో లెక్క వేసుకుంటే విషయం తేలిపోతుంది.

## పోలింగ్ రేట్ ఇచ్చేది ఎంత

యూఎస్‌బీలో మౌస్ తనంతట తాను డేటా పంపించదు. కంప్యూటరే మాటిమాటికీ "ఏమైనా ఉందా" అని అడుగుతుంది, అడిగినప్పుడు మౌస్ అప్పటిదాకా ఎంత కదిలిందో చెప్తుంది. మామూలు ఆఫీస్ మౌస్‌ని సెకనుకి 125 సార్లు అడుగుతుంది, అంటే 8 మిల్లీసెకన్లకి ఒకసారి. గేమింగ్ మౌస్‌లలో ఎప్పటినుంచో 1000 సార్లు, అంటే మిల్లీసెకనుకి ఒకసారి. రేజర్ 2021లో వైపర్ 8కే తెచ్చినప్పటినుంచి 8000 అనే మాట జనాల నోట్లో పడింది.

చెయ్యి కదిలిన క్షణం రెండు అడగడాల మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి సగటు ఆలస్యం ఆ గ్యాప్‌లో సగం. 125 దగ్గర 4 మిల్లీసెకన్లు, 500 దగ్గర 1, 1000 దగ్గర 0.5, 8000 దగ్గర 0.06. మొదటి జంప్‌లో మూడున్నర మిల్లీసెకన్లు వచ్చాయి, ఆఖరి జంప్‌లో 0.44 వచ్చింది. ఇంకెంత పెంచినా మిగిలింది ఆ 0.06 మాత్రమే, అందులోంచి ఇంకేం పిండలేం.

ఇంకో చిన్న మెలిక ఉంది. మౌస్ కదలిక కౌంట్లలో వస్తుంది, 800 డీపీఐ అంటే అంగుళం జరిగితే 800 కౌంట్లు. సెకనుకి 8000 రిపోర్ట్‌లు నిండాలంటే ఒక్కో రిపోర్ట్‌లో కనీసం ఒక కౌంట్ అయినా ఉండాలి కదా, అంటే చెయ్యి సెకనుకి 10 అంగుళాల స్పీడులో కదలాలి. ఫ్లిక్ కొట్టినప్పుడు ఆ స్పీడు వస్తుంది గానీ దూరంగా ఉన్న తలకాయ మీద క్రాస్‌హెయిర్‌ని నెమ్మదిగా సర్దుతున్నప్పుడు సెకనుకి అంగుళం కూడా కదలదు, అప్పుడు 8కే మౌస్ అయినా మహా అయితే 800 రిపోర్ట్‌లే పంపుతుంది. డీపీఐ 1600 చేసి గేమ్ సెన్సిటివిటీని సగం చేస్తే స్పీడు అవసరం 5 అంగుళాలకి తగ్గుతుంది, చిన్న కదలిక కూడా కాస్త ముందుగా రిజిస్టర్ అవుతుంది. రూపాయి ఖర్చు లేని మార్పు, పీసీ ఎంత పాతదైనా దీనివల్ల నష్టం లేదు.

## దోసెల లైన్

మౌస్ డేటా వచ్చాక గేమ్ దాన్ని ఫ్రేమ్‌కి ఒకసారి చదువుతుంది. చదివి, ఆటలో ఏం జరగాలో సీపీయూ లెక్క వేసి, గీయాల్సిన పనుల లిస్ట్ తయారుచేసి గ్రాఫిక్స్ కార్డ్‌కి ఇస్తుంది. సీపీయూ ఆ లిస్ట్‌ని 7 మిల్లీసెకన్లలో ఇచ్చేస్తోంది, కార్డ్‌కేమో గీయడానికి 11 పడుతోంది అనుకుందాం. సీపీయూ ఖాళీగా కూర్చోదు, తర్వాతి ఫ్రేమ్ లిస్ట్ కూడా రెడీ చేసి లైన్లో పెట్టేస్తుంది, ఆ తర్వాతది కూడా. డైరెక్ట్‌ఎక్స్‌లో మామూలుగా మూడు ఫ్రేమ్‌ల దాకా ఇలా ముందుకెళ్లే వీలుంటుంది.

టిఫిన్ సెంటర్‌లో చూస్తే ఇదే అర్థమవుతుంది. ఆర్డర్ రాసుకునే కుర్రాడు చకచకా చీటీలు తెచ్చి పెనం పక్కన పెడుతుంటాడు, దోసెలు వేసే మాస్టర్ మాత్రం తన స్పీడులోనే వేస్తాడు. చీటీలు పేరుకుంటాయి. కుర్రాడు టేబుల్ దగ్గరికి ఎంత త్వరగా వచ్చాడన్నది లెక్కలోకి రాదు, చీటీ మాత్రం మూడు చీటీల కింద ఉంటుంది. గేమ్‌లో ఆ చీటీ మీద రాసి ఉన్నది పాత మౌస్ పొజిషన్, స్క్రీన్ మీదకి వచ్చేసరికి అది చద్దిదైపోతుంది.

ఎఫ్‌పీఎస్ కౌంటర్ ఇక్కడ మోసం చేస్తుంది, ఎందుకంటే అది గంటకి ఎన్ని దోసెలు బయటికొచ్చాయో లెక్కపెడుతుంది తప్ప ఒక్కో ఆర్డర్‌కి ఎంతసేపు పట్టిందో చెప్పదు. 90 ఎఫ్‌పీఎస్ కనిపిస్తున్నా ఎయిమ్ నీళ్లలో తిప్పినట్టు ఉందని కంప్లైంట్ వచ్చిన చోట దాదాపు ఇదే జరుగుతుంటుంది.

## ఒక పీసీ మీద లెక్క

ఐ5-6500, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ, 75 హెర్ట్జ్ మానిటర్, గేమ్ సీఎస్2. మన దగ్గర ఇలాంటి సెటప్‌లు కోకొల్లలు. 1080పీలో మీడియం సెట్టింగ్స్ పెట్టి ఆడితే కార్డ్‌కి ఫ్రేమ్‌కి 11 మిల్లీసెకన్లు, సీపీయూకి 7, లైన్లో రెండు ఫ్రేమ్‌లు అని పెట్టుకుందాం. ఇవి ఒక ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలు, మ్యాప్‌ని బట్టి సీన్‌ని బట్టి మారతాయి, కానీ వాటి మధ్య నిష్పత్తి ఇలాంటి పీసీలో మామూలుగా ఉండేదే. మానిటర్ తీసుకునే టైమ్ అన్ని కేసుల్లోనూ ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

125 హెర్ట్జ్ ఆఫీస్ మౌస్‌తో: మౌస్ 4, సీపీయూ 7, లైన్లో వెయిటింగ్ 22, కార్డ్ 11, మొత్తం 44 మిల్లీసెకన్లు. మౌస్ మార్చి 1000 పెడితే 40.5. ఇంకా ఖర్చుపెట్టి 8000 పెడితే 40.06.

ఇప్పుడు మౌస్ జోలికి పోకుండా కన్సోల్ ఓపెన్ చేసి ఒక్క లైన్ కొడదాం:

```
fps_max 80
```

80 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేమ్‌కి 12.5 మిల్లీసెకన్లు. కార్డ్ 11లో పని ముగించి ఒకటిన్నర మిల్లీసెకను ఖాళీగా ఉంటుంది, లైన్ పేరుకునే ఛాన్సే లేదు. పాత ఆఫీస్ మౌస్‌తోనే 4 + 7 + 11, మొత్తం 22. అంటే ఎఫ్‌పీఎస్ 90 నుంచి 80కి తగ్గింది, ఆలస్యం సగానికి పడిపోయింది, 8కే మౌస్ పెట్టి క్యాప్ లేకుండా ఆడేవాడి కంటే ఈ ఆఫీస్ మౌస్ వాడే ముందున్నాడు. దీనికి 1000 హెర్ట్జ్ మౌస్ కూడా తోడైతే 18.5.

క్యాప్‌ని గేమ్ లోపలే పెట్టడం మంచిది. గేమ్ లిమిటర్ మౌస్ చదవడానికి ముందే ఆగుతుంది కాబట్టి చదివిన పొజిషన్ తాజాగా ఉంటుంది, డ్రైవర్ లిమిటర్ అయితే మామూలుగా చదివేశాక ఆపుతుంది, ఆ ఆగిన టైమంతా మళ్లీ ఆలస్యంలోనే కలుస్తుంది.

క్యాప్‌తో ఒక చిక్కుంది. ఖాళీ మ్యాప్‌లో గోడ చూస్తూ 80 సెట్ చేస్తే అసలు మ్యాచ్‌లో రెండు స్మోక్‌లు, ఒక మాలటోవ్ పడగానే కార్డ్‌కి ఫ్రేమ్‌కి 15 మిల్లీసెకన్లు పట్టొచ్చు, ఎఫ్‌పీఎస్ 66కి పడుతుంది, లైన్ మళ్లీ నిండిపోతుంది, అదీ సరిగ్గా ఫైట్ జరుగుతున్నప్పుడు. అందుకే క్యాప్ అంకెని అతి బరువైన సీన్‌ చూసి పెట్టుకోవాలి, లేదంటే ఆ బరువైన సీన్ కూడా క్యాప్ లోపల ఇమిడేలా రిజల్యూషన్ తగ్గించుకోవాలి.

2020లో వచ్చిన ఎన్‌విడియా రిఫ్లెక్స్ చేసేది ఈ పనే, కాకపోతే ఆటోమేటిక్‌గా. కార్డ్ ఖాళీ అయ్యే టైమ్‌ని అంచనా వేసి సీపీయూని సరిగ్గా అప్పటిదాకా ఆపుతుంది, చీటీ రాయగానే పెనం మీదకి పోతుందన్నమాట. జీటీఎక్స్ 900 సిరీస్ నుంచే సపోర్ట్ ఉంది కాబట్టి 1050 టీఐ లాంటి కార్డ్‌లకీ పనిచేస్తుంది, సీఎస్2లోనూ వాలరెంట్‌లోనూ వీడియో సెట్టింగ్స్‌లో `NVIDIA Reflex Low Latency` అని కనిపిస్తుంది. ఏఎండీ వాళ్లకి యాంటీ-ల్యాగ్ ఉంది. 2023 అక్టోబర్‌లో వాళ్లు సీఎస్2కి తెచ్చిన యాంటీ-ల్యాగ్ ప్లస్ గేమ్ ఫైల్స్ లోపలికి చెయ్యి పెట్టే పద్ధతిలో పనిచేయడంతో సీఎస్2 యాంటీ-చీట్ దాన్ని చీట్ అనుకుని ప్లేయర్లని బ్యాన్ చేసింది, ఏఎండీ ఆ ఫీచర్‌ని వెనక్కి తీసుకుంది, 2024లో గేమ్‌లోనే కలిసిపోయేలా యాంటీ-ల్యాగ్ 2గా మళ్లీ తెచ్చింది. ఇంటెల్ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌తో ఆడేవాళ్లకి చేతిలో ఉన్న సింపుల్ ఆయుధం గేమ్‌లోని క్యాపే.

వీ-సింక్ గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. ఆన్‌లో ఉంటే ఫ్రేమ్‌లు మానిటర్ రిఫ్రెష్ కోసం ఆగుతాయి, వెనక లైన్ నిండుతుంది, 60 హెర్ట్జ్ మానిటర్‌లో లైన్లో ఉన్న ఒక్కో ఫ్రేమ్ ఖరీదు 16.7 మిల్లీసెకన్లు. ఆఫ్ చేస్తే స్క్రీన్ మధ్యలో చిరిగినట్టు కనిపిస్తుంది, షూటర్లు ఆడేవాళ్లు దానికి అలవాటు పడిపోతారు.

## భారం సీపీయూ మీదకి వచ్చాక

ఎక్కువమంది క్యాప్‌తో ఆగరు, రిజల్యూషన్ 1280×960కి దించి అన్నీ లోలో పెట్టేస్తారు. అదీ మంచి పద్ధతే. అదే పీసీలో కార్డ్ టైమ్ 11 నుంచి 6కి పడిపోయిందనుకుంటే ఇప్పుడు 7 తీసుకునే సీపీయూనే నెమ్మది, లైన్ దానంతటదే మాయమవుతుంది, 1000 హెర్ట్జ్ మౌస్‌తో మొత్తం 13.5 మిల్లీసెకన్లు. ఎఫ్‌పీఎస్ 140 దాకా వెళ్తుంది. ఇక్కడ రిఫ్లెక్స్‌కి పెద్దగా పనుండదు, తీసేయడానికి లైనే లేదు కదా.

ఇప్పటినుంచి సీపీయూ మీద పడే ప్రతి చిన్న పని నేరుగా ఫ్రేమ్ టైమ్‌లో కలుస్తుంది, మౌస్ రిపోర్ట్‌లు కూడా అందులో భాగమే. ఒక్కో రిపోర్ట్ వచ్చినప్పుడు ఇంటరప్ట్ వస్తుంది, సీపీయూ చేస్తున్న పని ఆపి యూఎస్‌బీ డ్రైవర్ కోడ్ నడపాలి, మౌస్ డ్రైవర్ దాటి విండోస్ ఆ రిపోర్ట్‌ని గేమ్ క్యూలో మెసేజ్‌గా వేయాలి, గేమ్ దాన్ని తీసి చదవాలి. అంతా కలిపి ఒక రిపోర్ట్‌కి 10 మైక్రోసెకన్లు అనుకుందాం. 1000 హెర్ట్జ్ దగ్గర సెకనుకి 10 మిల్లీసెకన్లు, ఒక కోర్‌లో ఒక శాతం, ఎవరికీ తెలీదు. 8000 దగ్గర 80 మిల్లీసెకన్లు, ఒక కోర్‌లో 8 శాతం. 140 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి 57 రిపోర్ట్‌లు, అంటే 0.57 మిల్లీసెకను. 1000 దగ్గర ఇది 0.07 ఉండేది, అంటే 8000 వల్ల వచ్చిన లాభం 0.44, అదనంగా పోయింది 0.5. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఈ పనిలో కొంత వేరే కోర్ మీద జరగొచ్చు కాబట్టి నిజంలో నష్టం ఇంతకంటే తక్కువ ఉండొచ్చు, గేమ్ మెసేజ్‌లు చదివే పద్ధతి బాగోకపోతే ఎక్కువా ఉండొచ్చు. ఎలా చూసినా ఎనిమిది కోర్ల కొత్త ప్రాసెసర్ దీన్ని పట్టించుకోదు. ఐ5-6500లో ఉన్నవి నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్‌లు, వాటిలోనే గేమ్, డిస్కార్డ్, బ్రౌజర్, యాంటీ-చీట్ అన్నీ సర్దుకోవాలి.

సగటు కంటే ఎక్కువ బాధపెట్టేది టైమింగ్. మౌస్ ఆగి ఉన్నప్పుడు రిపోర్ట్‌లు రావు, ఖర్చు సున్నా. ఫ్లిక్ కొట్టిన క్షణంలో ఒక్కసారిగా వరద. అంటే ఎఫ్‌పీఎస్ సరిగ్గా చెయ్యి వేగంగా కదిలినప్పుడే పడుతుంది, ఆగగానే మామూలైపోతుంది, కౌంటర్ వైపు చూసేసరికి అంతా బాగానే కనిపిస్తుంది. "ఎఫ్‌పీఎస్ బాగానే ఉంది కానీ తిప్పితే జర్క్ వస్తోంది" అనే మాట వినిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

గేమ్‌లు, విండోస్ దీనికి కొంత విరుగుడు చేశాయి. మెసేజ్‌లని ఒక్కొక్కటిగా కాకుండా గంపగుత్తగా చదివే పద్ధతి ఒకటుంది, వాలరెంట్‌లో `Raw Input Buffer` అనే ఆప్షన్ అదే, 1000 దాటిన మౌస్ వాడితే అది ఆన్ చేసుకోవాలి. ఇంకోటి, గేమ్ ఆడుతున్నప్పుడు వెనకాల ఉన్న కొన్ని ప్రోగ్రామ్‌లు కూడా మౌస్ రిపోర్ట్‌లు వింటూ ఉంటాయి, ఒకే రిపోర్ట్ నలుగురికి పంచాల్సొస్తుంది. 2023లో విండోస్ 11కి వచ్చిన అప్‌డేట్‌లో మైక్రోసాఫ్ట్ దీన్ని సరిచేసింది, వెనకున్న ప్రోగ్రామ్‌లకి రిపోర్ట్‌లు కలిపి తక్కువసార్లు ఇస్తుంది. కాకపోతే ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్లకి విండోస్ 11 అఫీషియల్ సపోర్ట్ లేదు, కాబట్టి ఐ5-6500 పీసీలు చాలావరకు విండోస్ 10 మీదే ఉన్నాయి. అంటే ఆ మందు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అందలేదు. అలాంటి పీసీలో వెనకాల ఉన్న ఓవర్‌లేలు, మౌస్ కంపెనీ సాఫ్ట్‌వేర్, రికార్డర్ మూసేయడమే దారి. మౌస్ సెట్టింగ్‌లు దాని ఆన్‌బోర్డ్ మెమరీలో సేవ్ అయితే ఆ సాఫ్ట్‌వేర్ అసలు నడవాల్సిన పనే లేదు.

## మన పీసీలో ఏది జరుగుతోందో ఎలా తెలుస్తుంది

ముందు నెమ్మది ఎవరిదో తేల్చాలి. ప్రాక్టీస్ మ్యాప్‌లో ఒక చోట నిలబడి, క్యాప్ తీసేసి, ఎఫ్‌పీఎస్ చూసుకుని (సీఎస్2లో `cl_showfps 1`) రిజల్యూషన్‌ని ఒక్కసారి బాగా తగ్గించాలి. ఎఫ్‌పీఎస్ గట్టిగా పెరిగితే నెమ్మది కార్డ్‌ది, లైన్ ఉన్నట్టే. ఎక్కడున్నది అక్కడే ఉంటే నెమ్మది సీపీయూది. ఎన్‌విడియా కార్డ్ ఉంటే Alt+R ఓవర్‌లేలో జీపీయూ వాడకం కూడా కనిపిస్తుంది, అది 97, 98 శాతం దగ్గర అతుక్కుపోయిందంటే లైన్ నిండే ఉంటుంది.

తర్వాత మౌస్ టెస్ట్. అదే చోట, అదే గోడ వైపు చూస్తూ మౌస్‌ని పది సెకన్లు గుండ్రంగా వేగంగా తిప్పాలి, 500 మీద ఒకసారి, 1000 మీద ఒకసారి, ఉన్న గరిష్ఠం మీద ఒకసారి. తిప్పితే సీన్ మారి ఎఫ్‌పీఎస్ ఎలాగూ కాస్త ఊగుతుంది, అది మూడింట్లోనూ ఉంటుంది కాబట్టి చూడాల్సింది మూడింటి మధ్య తేడా. 500కీ 1000కీ తేడా లేకపోతే 1000 ఉంచుకోవచ్చు. 1000 దగ్గరే జర్క్ వచ్చేంత బక్క సీపీయూ అయితే 500కి దిగినా సగటున పోయేది అర మిల్లీసెకనే. ఒక టెస్ట్‌కి ఒక సెట్టింగే మార్చాలి, నాలుగు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

## గైడ్‌లలో తిరిగే రెండు ట్వీక్‌లు

రిజిస్ట్రీలో `MouseDataQueueSize` అంకె తగ్గిస్తే మౌస్ ఫాస్ట్ అవుతుందని చాలా గైడ్‌లు చెప్తాయి. అది మౌస్ డ్రైవర్ దగ్గరుండే బఫర్ ఎన్ని రిపోర్ట్‌లు పట్టాలో చెప్పే అంకె, డిఫాల్ట్ 100. విండోస్ రిపోర్ట్‌లని వచ్చినవి వచ్చినట్టే తీసేసుకుంటుంది, ఆ బఫర్ మామూలుగా ఖాళీగానే ఉంటుంది. ఇంటి మీద ట్యాంక్ చిన్నది చేస్తే కుళాయి స్పీడు పెరగదు కదా. పైగా పాత పీసీ ఒక క్షణం ఆగిపోయినప్పుడు 1000 హెర్ట్జ్ దగ్గర 100 రిపోర్ట్‌లంటే పదో వంతు సెకను కదలిక, దాన్ని 16కో 20కో తగ్గిస్తే ఆ ఆగిన టైమ్‌లో కదలిక పొంగి బయటికి పోతుంది, క్రాస్‌హెయిర్ అనుకున్న చోటికి చేరదు. ఆలస్యానికీ దీనికీ సంబంధం కట్టడం బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమే.

రెండోది 125 హెర్ట్జ్ ఆఫీస్ మౌస్‌ని వేరే డ్రైవర్ వేసి 1000కి ఓవర్‌క్లాక్ చేయడం. కంప్యూటర్ సెకనుకి వెయ్యిసార్లు అడిగినంత మాత్రాన మౌస్ లోపలి చిప్ అంత వేగంగా సెన్సర్‌ని చదువుతుందని గ్యారంటీ లేదు, చదవకపోతే మధ్యలో అడిగినప్పుడల్లా "కొత్తదేం లేదు" అనే జవాబే వస్తుంది. కొన్ని మౌస్‌లు నిజంగానే 500 దాకా తట్టుకుంటాయి, కాదనలేం. కానీ ఆ పద్ధతి విండోస్ కెర్నల్‌లో ఫిల్టర్ డ్రైవర్ పెట్టడం మీద ఆధారపడుతుంది, కెర్నల్ లెవెల్ యాంటీ-చీట్ ఉన్న గేమ్ ఆడే పీసీలో మూడు మిల్లీసెకన్ల కోసం అకౌంట్‌ని పణంగా పెట్టడం తెలివైన బేరం కాదు, మామూలు 1000 హెర్ట్జ్ వైర్డ్ మౌస్‌లు ఇప్పుడు వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి. అది కొన్నాక హబ్‌కి కాకుండా పీసీ వెనక మదర్‌బోర్డ్ పోర్ట్‌కి నేరుగా పెట్టుకుంటే చాలు, యూఎస్‌బీ 2.0 అయినా సరిపోతుంది. వైర్‌లెస్ అయితే మాత్రం డాంగిల్‌ని నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్ట్‌లకి, ముఖ్యంగా అక్కడ హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే, కాస్త దూరంగా ఉంచాలి. ఆ పోర్ట్‌ల నుంచి వచ్చే రేడియో నాయిస్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది, మౌస్ సిగ్నల్ మధ్యమధ్యలో మిస్సవుతుంది, ఆ తడబాటు అచ్చం పోలింగ్ సమస్యలాగే కనిపిస్తుంది.